పెట్టెకి 40 రూపాయలు

"మా లాభాల్లో కొంత భాగం సేవా కార్యక్రమాలకు" అన్న బోర్డు ఏ స్వీట్ షాపులో కనిపించినా నాకు అనుమానమే. కొంత అంటే ఎంత? ఎవరికి ఇస్తారు, ఎప్పుడిస్తారు? షాపాయన నిజంగా మంచివాడే అయ్యుండొచ్చు. కానీ ఆ వాక్యాన్ని పట్టుకుని లెక్క అడగలేం.

అలాగని స్వీట్ షాపూ స్కూలూ కలిసి పనిచెయ్యకూడదని అనను. షాపు "ఇందులో నాకూ లాభముంది" అని ముందే చెప్పేస్తే చాలు, సగం అనుమానం పోతుంది.

మా తమ్ముడి స్కూల్లో చలికాలం ముందు వృద్ధాశ్రమానికి దుప్పట్లు కొనడానికి డబ్బులు పోగుచేస్తారు. అదే రోడ్డులో ఒక స్వీట్ షాపుంది. ఈ ఇద్దరూ కలిస్తే ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూశాను. అంకెలు నేను అనుకున్నవే, ఎవరి ఖాతా పుస్తకంలోంచీ తీసినవి కావు.

అరకిలో సున్నుండల పెట్టె 300 రూపాయలనుకుందాం. మినపప్పు, నెయ్యి, బెల్లం, గ్యాసు, కూలి, పెట్టె కలిపి 225. మిగిలిపోయిన సరుకు వల్ల పోయేది సగటున పెట్టెకి 30. షాపుకి చివరికి మిగిలేది 45. ఇందులో అసలు కీలకం ఆ 30. ఎంత అమ్ముడవుతుందో తెలీకుండా చేస్తారు కాబట్టి కొంత మిగులుతుంది. 2020 అక్టోబర్ 1 నుంచి విడి స్వీట్ల ట్రేల మీద కూడా ఎప్పటిలోపు తినాలో తేదీ పెట్టాలి. ఆ తేదీ దాటితే ఇక అమ్మడానికి లేదు.

ఇప్పుడు స్కూలు పిల్లల ఇళ్ళ నుంచి ముందే 150 పెట్టెలకి ఆర్డర్ వచ్చిందనుకోండి. సరిగ్గా 75 కిలోలే చేస్తారు, మిగిలేదేమీ ఉండదు. ఆ 30 ఆదా అయింది కదా, షాపు చేతిలో 75 ఉంటాయి. అందులోంచి పెట్టెకి 40 రూపాయలు దుప్పట్లకి ఇచ్చినా 35 మిగులుతుంది. అంటే మామూలు కన్నా పెట్టెకి పది రూపాయలే వదులుకుంది, బదులుగా 150 ఇళ్ళకి తన సున్నుండ రుచి తెలిసింది. దుప్పట్లకి వచ్చింది 6000. దుప్పటి 250 చొప్పున 24 వస్తాయి.

అదే షాపు "లాభంలో పది శాతం" అని ఉంటే? 45లో పది శాతం నాలుగున్నర. 150 పెట్టెలకి 675 రూపాయలు, మూడు దుప్పట్లకి కూడా చాలవు. పోస్టర్ మీద మాత్రం రెండూ ఒకేలా ఘనంగా కనిపిస్తాయి. అందుకే శాతం వద్దు, పెట్టెకి ఇంత అని రూపాయల్లో రాయమంటాను.

ఎప్పుడు పెట్టాలన్నదీ ముఖ్యమే. దీపావళి ముందు వద్దు. అప్పుడు షాపుకి ఊపిరాడదు, స్కూలు ఆర్డర్ ఆఖర్న పడుతుంది, పైగా పండగ గిరాకీకి సేవ ముసుగేశారంటారు. పండగ హడావుడి తగ్గి పొయ్యిలు ఖాళీగా ఉన్నప్పుడైతే పనివాళ్ళకీ పని దొరుకుతుంది. దీపావళి అక్టోబర్లోనే వచ్చిన ఏడాది నవంబర్ 14, బాలల దినోత్సవం, సరిగ్గా కుదురుతుంది. సరుకు కూడా సున్నుండలు, కాజాలు, జంతికల్లాంటి నిలవుండేవే కావాలి. కలాకంద్ పెడితే ఆ రోజు స్కూలుకి రాని పిల్లాడి పెట్టె పాడైపోతుంది.

ఇలాంటివి చెడేది ఎక్కువగా పిల్లల దగ్గరే. "ఎవరు ఎక్కువ పెట్టెలు అమ్మితే వాళ్ళకి బహుమతి" అన్నామంటే అది అమ్మకాల పోటీ అయిపోతుంది, ఆర్డర్ తేలేని పిల్లాడు క్లాసులో తలొంచుకుని కూర్చుంటాడు. కాబట్టి పిల్లల చేత అమ్మించొద్దు. ఇంటికి ఒక స్లిప్ పంపితే చాలు. అందులో "స్వీట్లు వద్దు, దుప్పట్లకి మాత్రం ఇస్తాం" అన్న గడి కూడా ఉండాలి. షుగర్ ఉన్న తాతయ్యలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు మరి! స్లిప్ మీద ధర, షాపు కౌంటర్ మీద ధర ఒకటే ఉండాలి. పది రూపాయలు పెంచి, ఆ పదే విరాళమంటే ఇచ్చింది మనం, పేరు షాపుది.

డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్తుందన్నది నేను పట్టుబట్టే ఇంకో విషయం. షాపు 6000 స్కూలుకిచ్చి రసీదు తీసుకోవాలి. స్కూలు దుప్పట్ల బిల్లు, పెట్టెల సంఖ్య పక్కపక్కనే నోటీసు బోర్డులో పెట్టాలి. స్టాఫ్ రూమ్‌కి ఫ్రీగా వచ్చే కిలో జిలేబీని మర్యాదగా వెనక్కి పంపెయ్యాలి. (టీచర్లు నన్ను క్షమించాలి.)

ఇరవై ముప్పై పెట్టెలే వస్తే ఈ పథకం పనిచెయ్యదు. అంత చిన్న ఆర్డర్ కోసం విడిగా చెయ్యడం షాపుకి గిట్టదు, అప్పుడు నేరుగా చందా అడగడమే సులువు.

షాపాయన తప్పకుండా స్కూలు గేటుకి బ్యానర్ కడతానంటాడు. దుప్పటి కప్పుకున్న ముసలమ్మ చేతిలో తన పెట్టె పెట్టి ఫోటో తీస్తానని కూడా అనొచ్చు. ఫోటో అస్సలు వద్దు. బ్యానర్ బదులు స్లిప్ కింద ఒక్క లైను ఇవ్వొచ్చు: "ఈ ఆర్డర్ వల్ల మాకూ వ్యాపారం పెరుగుతుంది, అందుకే పెట్టెకి 40 రూపాయలు ఇవ్వగలుగుతున్నాం." ఆ లైను కింద షాపు పేరు ఎంత పెద్దక్షరాల్లో వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.