లాంచ్ ధర తక్కువ పెట్టాలా, ఎక్కువ పెట్టాలా? నా ఓటు దేనికంటే...

రెండేళ్ల కిందట ఒక ఫోన్‌ని ఫస్ట్ సేల్‌లోనే కొన్నాను. రెండు నెలలు తిరక్కముందే దాని ధర రూ.5,000 తగ్గింది. ఫోన్‌లో లోపమేం లేదు, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. కానీ అదే బ్రాండ్ తర్వాతి ఫోన్ వచ్చినప్పుడు మాత్రం "ఆగుదాంలే, ఎలాగూ తగ్గుతుంది" అనుకున్నాను. ఒక్క ధర తగ్గింపుతో ఆ కంపెనీ ఫస్ట్ డే కస్టమర్‌ని పోగొట్టుకుంది.

కొత్త ఫోన్‌కి ధర పెట్టడంలో రెండు దారులున్నాయి. మొదట ఎక్కువ పెట్టి, ఆగలేనివాళ్ల దగ్గర లాభం తీసుకుని, తర్వాత మెల్లగా దిగడం ఒకటి. మొదటి రోజే తక్కువ పెట్టి ఎక్కువమందికి అమ్మేయడం రెండోది. బయటి నుంచి చూస్తే రెండోదే మనకి మేలు అనిపిస్తుంది. కానీ రెండింటికీ ఒక్కో ప్రమాదం ఉంది.

మొదటి దారికి క్లాసిక్ ఉదాహరణ ఒరిజినల్ ఐఫోన్. 2007 జూన్ 29న 8జీబీ మోడల్ 599 డాలర్లకి అమ్మకానికి వచ్చింది. సెప్టెంబర్ 5న యాపిల్ దాన్ని 399 చేసింది. పది వారాలు కూడా కాలేదు, 200 డాలర్లు పోయాయి! క్యూలో నిలబడి కొన్నవాళ్లు మండిపడ్డారు. చివరికి స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, వాళ్లకి 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇవ్వాల్సి వచ్చింది. ఎక్కువ ధర పెట్టడం తప్పు కాదు, అలాంటి ఫోన్ అప్పుడు ఇంకోటి లేదు. అంత త్వరగా, అంత పెద్ద మెట్టు దిగడమే దెబ్బకొట్టింది.

రెండో దారికి మనకి బాగా తెలిసిన ఫోన్ పోకో ఎఫ్1. 2018 ఆగస్టులో రూ.20,999కే స్నాప్‌డ్రాగన్ 845 ఇచ్చింది. అదే చిప్ ఉన్న వన్‌ప్లస్ 6 అప్పటికి రూ.34,999. ప్లాస్టిక్ బ్యాక్ పెట్టి, ఎన్‌ఎఫ్‌సీ తీసేసి ఖర్చు తగ్గించారు. ఫోన్ సూపర్ హిట్. కానీ ఆ ధర జనం మనసులో అచ్చు పడిపోయింది. ఇండియాలో ఎఫ్ సిరీస్ తర్వాతి ఫోన్, ఎఫ్3 జీటీ, 2021లో రూ.26,999కి వచ్చేసరికి చాలామంది దాన్ని వేరే ఫోన్లతో కాదు, పాత ఇరవై వేలతో పోల్చారు. ధర దించితే ఎవరూ అడగరు, పెంచితే అందరూ లెక్క అడుగుతారు.

దీని వెనక లెక్క చూద్దాం. అంకెలు ఊహించినవే. ఒక్కో ఫోన్ తయారీకి రూ.15,000 అవుతుందనుకోండి. డిజైన్, టూలింగ్, ప్రకటనలకి ఇంకో రూ.90 కోట్లు. కంపెనీ చేతికి ఫోన్‌కి రూ.24,000 వస్తే మిగిలేది 9,000. అంటే లక్ష ఫోన్లు అమ్మితే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. రూ.18,000 వస్తే మిగిలేది 3,000, మూడు లక్షలు అమ్మాలి.

ఇప్పుడు మెమరీ చిప్‌ల రేటు పెరిగి తయారీ ఖర్చు రూ.1,500 ఎక్కిందనుకోండి. 24,000 కంపెనీ దాదాపు 1.2 లక్షలతో గట్టెక్కుతుంది. 18,000 కంపెనీకి మాత్రం ఆరు లక్షలు కావాలి! అందుకే తక్కువ ధర కంపెనీలు ఖర్చు తగ్గుతుందనే నమ్మకం మీద బతుకుతాయి. ఆ నమ్మకం వమ్మయితే స్టాక్ ఉండదు, లేదా ధర పెరుగుతుంది, లేదా ఫోన్ నిండా యాడ్స్ వస్తాయి.

మరి నా ఓటు? పోటీయే లేని కొత్త వస్తువైతే ఎక్కువ ధరే సరైనది. కానీ మన మిడ్‌రేంజ్ ఆండ్రాయిడ్‌లో వచ్చే వారమే ఇంకో పోటీ ఫోన్ దిగుతుంది. అక్కడ పేరు లేని బ్రాండ్ 24,000 అంటే ఎవరూ ఆగి చూడరు. అందుకే తక్కువ ధరకే నా ఓటు, ఒక షరతుతో: అసలు ధర ఇదీ, ఈ తేదీ వరకు ఆఫర్ ఇదీ అని లాంచ్ రోజే చెప్పాలి. తేదీ దాటాక నిజంగా ఆ ధరకే అమ్మాలి. అప్పుడు జనం గుర్తుపెట్టుకునేది ఆఫర్ ధరని కాదు, అసలు ధరని.

మీరు చూడాల్సింది కూడా అదే. "ఇంట్రడక్టరీ ప్రైస్" అని ఉండి ముగింపు తేదీ లేకపోతే తొందరపడకండి. అదే బ్రాండ్ పాత మోడల్ ధర లాంచ్ అయ్యాక మూడు నెలల్లో ఎంత తగ్గిందో ఒకసారి వెతకండి. బాగా తగ్గి ఉంటే, ఫస్ట్ సేల్ అలారం పెట్టుకోకుండా హాయిగా నిద్రపోండి.