ఆవిరిని తూకం వేసిన రోజు

డిగ్రీ రెండో ఏడాదిలో, హైదరాబాద్‌లోని మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేతికో చిన్న సీసా ఇచ్చారు. పేరు లేదు, మీద ‘3’ అని నంబర్ మాత్రం ఉంది. అందులోని ద్రవం మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ఎన్ని గ్రాములు తూగుతుందో కనిపెట్టాలి. నేను 42 అని రాసిచ్చాను. అసలు జవాబు 58. మిగతా 16 ఎటు పోయిందో ఈ వారం చెప్తా.

పద్ధతి పాతదే, ఫ్రెంచ్ కెమిస్ట్ డ్యూమా 1826లో చూపించింది. ఆయన గాజు బుడ్డి మూతిని కరిగించి మూసేవాడు, మనకి అల్యూమినియం ఫాయిల్ చాలు. ఖాళీ ఫ్లాస్కుని ఫాయిల్‌తో సహా తూచి, కాస్త ద్రవం పోసి, ఫాయిల్ గట్టిగా చుట్టి, పిన్నుతో సన్న బెజ్జం పెట్టి, మరిగే నీళ్లలో మెడదాకా ముంచాలి. హాట్ ప్లేట్ మీదే సుమా, ఇలాంటి ద్రవాలు మంటకి ఇట్టే అంటుకుంటాయి. ద్రవం ఆవిరై లోపలి గాలిని బెజ్జంలోంచి తరిమేస్తుంది, ఎక్కువైన ఆవిరి కూడా బయటికి పోతుంది. చివరి చుక్క కనపడకుండా పోయేసరికి ఫ్లాస్కు నిండా ఆవిరే. దాని ఉష్ణోగ్రత నీళ్లది, పీడనం బయటి గాలిది. అందుకే ఎంత పోశామన్నది లెక్కలోకి రాదు, ఫ్లాస్కు నిండేంత ఉంటే చాలు. తర్వాత చల్లార్చి, తుడిచి, మళ్లీ తూస్తాం. బరువులో తేడాయే m. PV = nRT లో n బదులు m/M పెడితే:

M = mRT / PV

నా m 0.205 గ్రాములు. ఫ్లాస్కు మీద 125 మిల్లీలీటర్లని ఉంది గానీ ఆవిరి అంచుదాకా నిండుతుంది కదా, నీళ్లు నింపి కొలిస్తే 148 వచ్చింది. నీళ్లు 98 డిగ్రీలకే మరిగాయి, అంటే 371 కెల్విన్. థర్మామీటర్ పాతదిలే అనుకున్నా. పీడనం కోసం ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచా: 1010 హెక్టోపాస్కల్స్, అంటే దాదాపు 1 అట్మాస్ఫియర్. అన్నీ వేస్తే 42.

సర్ నా రికార్డు చూసి, “ఏమయ్యా, మచిలీపట్నంలో ఉన్నావా?” అన్నారు. నాకు అర్థం కాలేదు. గోడ మీది బారోమీటర్ చూపించారు. 950 ఉంది! వెదర్ యాప్‌లు సాధారణంగా చూపేది సముద్ర మట్టానికి సర్దిన పీడనమట. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నిజంగా ఉండే పీడనం 0.94 అట్మాస్ఫియర్. నీళ్లు 98కే మరిగి ఆ మాట ముందే చెప్పాయి, నేనే వినలేదు. సరిచేస్తే 45 వచ్చింది. ఇంకా 13 తక్కువ.

“మొదటి తూకంలో ఫ్లాస్కులో ఏముంది?” అని సర్ అడిగారు. గాలి. రెండో తూకంలో? ఆవిరి చాలావరకు ద్రవమైంది, ఖాళీ అయిన చోటుకి గాలి తిరిగొచ్చింది. కానీ అంతా రాలేదు! ఈ ద్రవం 28 డిగ్రీల గదిలో కూడా సుమారు 0.34 అట్మాస్ఫియర్ ఆవిరిని నిలబెడుతుంది (ఆ అంకె సర్ దగ్గరుంది, పేరు మాత్రం చెప్పలేదు). మొత్తం 0.94లో గాలికి మిగిలింది 0.60. అంటే రెండో తూకంలో 0.34 వంతు గాలి తగ్గింది, నేను దాని బరువునీ ద్రవం బరువులోంచే తీసేశాను. ఆ గాలి ఎంత? దానికీ PV = nRT యే. గాలి మోలార్ ద్రవ్యరాశి 29 వేస్తే 0.06 గ్రాములు. చూడ్డానికి ఏమీ కాదు, కానీ నా మొత్తం 0.205లో అది చిన్న సంగతా! కలిపితే m 0.265, M 58.

పక్క బెంచీ వాడికి మాత్రం ఎక్కువొచ్చింది. ఫాయిల్ మడత కింద నీటి చుక్క ఉండిపోయిందట. ఒక్క చుక్క 0.05 గ్రాములున్నా ఈ ఫ్లాస్కుకి జవాబు 11 పెరుగుతుంది. అందుకే జవాబు ఎక్కువొస్తే ముందు తడి కోసం చూడండి, తక్కువొస్తే గాలి కోసం.

58 అంటే ఆసిటోన్ అని రాసేయబోయా. ప్రొపియోనాల్డిహైడ్‌ది కూడా 58 అని సర్ ఆపేశారు. రెండిటి ఫార్ములా ఒకటే, C₃H₆O. ఈ పద్ధతి వాటిని విడదీయలేదు. మరిగే ఉష్ణోగ్రత చూడాలి: సముద్ర మట్టం దగ్గర ఆసిటోన్‌ది 56, రెండోదానిది 48. మా సీసాలోది 54 దగ్గర మరిగింది. ఈసారి థర్మామీటర్‌ని తిట్టకుండా ‘ఆసిటోన్’ అని రాసిచ్చా.