ఆపడానికి ఓటీపీ అక్కర్లేదు

గాజువాకలో ఉంటున్న ఒక స్టీల్ ప్లాంట్ విశ్రాంత ఉద్యోగికి ఫోన్ వచ్చిందనుకుందాం. ‘సార్, మీ కార్డు మీద ఎవరో 48,500 రూపాయలతో వస్తువు కొంటున్నారు. మేం ఆపుతున్నాం. ఇప్పుడు మీకో నంబరు వస్తుంది, చెప్పండి’ అంటాడు అవతలి వ్యక్తి. ఆయన పేరు, కార్డు చివరి అంకెలు సరిగ్గా చెబుతాడు. అంతలోనే ఓటీపీ వస్తుంది. అన్నట్టే వచ్చింది కనుక బ్యాంకువాళ్లేనని నమ్మకం కుదురుతుంది.

ఆ వస్తువు కొంటున్నది ఫోన్ చేసినవాడే. కార్డు వివరాలు ముందే సంపాదించి, వెబ్‌సైట్‌లో నింపి, చెల్లింపు మీట నొక్కాడు. ఓటీపీ పంపింది నిజంగా బ్యాంకే, పంపేలా చేసింది మాత్రం వాడు. ఆ అంకెలు చెప్పడమంటే ‘ఈ డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను’ అని సంతకం పెట్టడమే. చెప్పకుండా ఊరుకుంటే కొద్ది నిమిషాల్లో ఆ కోడ్ చెల్లకుండా పోతుంది, కొనుగోలూ ఆగిపోతుంది. కార్డును బ్లాక్ చేయాలన్నా బ్యాంకు ఫోన్ చేసి మన ఓటీపీ అడగనక్కర్లేదు.

సిలిండర్ తెచ్చిన కుర్రాడికి డెలివరీ కోడ్ చెబుతున్నాం కదా అంటారు కొందరు. అక్కడ మనం బుక్ చేసుకున్న బండ గుమ్మంలో ఉంది. ఫోన్‌లో అడిగేవాడి దగ్గర మనకు ఇవ్వాల్సినదేదీ లేదు.

మర్యాదగా, మన యాసలోనే మాట్లాడాడన్నది కూడా భరోసా కాదు. ఈ సంగతి విశాఖకు బాగా తెలియాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాల ఆశ చూపి మన కుర్రాళ్లను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, భారతీయులనే ఫోన్లలో మోసగించే పని చేయించిన ముఠాల గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులే రట్టు చేశారు. అవతల వినిపించే తెలుగు గొంతు వెనుక ఎవరున్నారో, ఏ దేశంలో ఉన్నారో మనకు తెలియదు.

ఓటీపీ చెప్పాక బ్యాంకును తప్పుపట్టడమూ కష్టమే. ఖాతాదారు తానే రహస్య వివరాలు చెప్పినందువల్ల పోయిన సొమ్ముకు, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా బాధ్యత ఆయనదేనని రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6 నాటి సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. అలాగని బ్యాంకులు చేతులు దులుపుకోవడాన్ని ఒప్పుకోలేం. ఎంత సొమ్ము ఎవరికి పోబోతోందో ఓటీపీ సందేశంలో మొట్టమొదటే, తెలుగులో ఉండాలి. కంగారులో ఉన్న మనిషి ఇంగ్లిష్ వాక్యాలు వదిలేసి అంకెలే చదువుతాడు.

ఫోన్ ఎవరు చేసినా, కారణం ఏది చెప్పినా, ఓటీపీ అడిగిన క్షణమే పెట్టేయండి. కార్డు వెనుక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఇప్పటికే చెప్పేసి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. సొమ్ము ఖాతాలు దాటి పోకముందే 1930కి, వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి.