ఎనిమిదేళ్ల కింద చేసిన టాలీ ఇప్పుడు లెక్కలోకి రాదా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మాది ముక్త్యాల దగ్గర తండా. దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మా వదినకి నౌక్రీలో ప్రొఫైల్ నింపా. అప్పటినుంచి బుర్రలో తిరుగుతున్న విషయం ఇది.

వదిన పెళ్లికి ముందు 2013 నుంచి 2017 మే దాకా జగ్గయ్యపేటలో ఒక సిమెంటు డీలర్ షాపులో టాలీ చేసింది. నాలుగేళ్లు. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, మిర్చి కోతలు. ఇప్పుడు చిన్నోడు కూడా బడికి పోతున్నాడు కాబట్టి మళ్లీ ఉద్యోగం చూసుకుంటానంది. ప్రొఫైల్లో ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ పేరు, వెర్షన్, ఎన్నేళ్లు వాడారు, చివరిసారి ఎప్పుడు వాడారు అని అడుగుతుంది. చివరి గడిలో 2017 అని కొట్టగానే వదిన మొహం చిన్నబోయింది. "అది చూస్తే ఎవుడు పిలుస్తాడు తమ్ముడూ, 2024 అని పెట్టు" అంది. నేను పెట్టలేదు. కానీ ఆమె భయం మాత్రం నిజమే.

పాత నైపుణ్యానికి మార్కులు ఎలా తగ్గుతాయో ఒక చిన్న లెక్క చూడండి. వాడటం ఆపాక ప్రతి నాలుగేళ్లకీ విలువ సగం అవుతుందనుకుందాం. వదినది నాలుగేళ్ల అనుభవం, ఎనిమిదేళ్ల గ్యాప్. రెండుసార్లు సగం చేస్తే మిగిలేది 1. ఇప్పుడు ఏదో షాపులో ఏడాదిగా టాలీ చేస్తున్న కుర్రోడికీ 1. ఇద్దరూ సమానం. అదే రెండేళ్లకోసారి సగం అన్నారనుకోండి, వదినకి మిగిలేది పావు. అంటే ఆమె నాలుగేళ్ల పని విలువ ఆమె చేతిలో లేదు, ఆ "ఎన్నేళ్లకి సగం" అనే అంకె పెట్టినోడి చేతిలో ఉంది.

నాకు నచ్చనిది పాతదానికి మార్కులు తగ్గించడం కాదు. తగ్గించాల్సిందే. కానీ టాలీ అనే ఒక్క మాటలో మూడు రకాల పనులున్నాయి, అవి మూడూ ఒకే వేగంతో పాతబడవు.

మొదటిది లెక్కలు. ఏది డెబిట్, ఏది క్రెడిట్, బ్యాంకు స్టేట్‌మెంటుకీ మన పుస్తకానికీ తేడా ఎక్కడొచ్చింది, పార్టీ బాకీ ఎంత. ఇది 2013లో ఎలా ఉందో ఇప్పుడూ అంతే.

రెండోది మెనూలు. వదిన వాడింది టాలీ ఈఆర్‌పీ 9. 2020 చివర్లో టాలీప్రైమ్ వచ్చింది. స్క్రీన్ మారింది, కానీ అమ్మకానికి F8, కొనుగోలుకి F9 అలాగే ఉన్నాయి. క్రెడిట్ నోట్‌కి అప్పట్లో Ctrl+F8, ఇప్పుడు Alt+F6. ఇలాంటివి మర్చిపోతాం, మళ్లీ చేతికి తొందరగానే వస్తాయి.

మూడోది పన్ను చట్టం. అసలు దెబ్బ ఇక్కడే. ఇది ఏడాదికి కొంచెం చొప్పున పాతబడలేదు, 2017 జులై 1న ఒక్కరోజులో తెగిపోయింది. ఆమె నెలనెలా వేసిన వ్యాట్ 200 రిటర్ను పోయి జీఎస్టీ వచ్చింది. 2017 మేలో మానేసినోళ్లకీ ఆగస్టులో మానేసినోళ్లకీ గ్యాప్‌లో తేడా మూడు నెలలే, కానీ తెలిసిన చట్టంలో తేడా చాలా ఉంది. సగం సగం చేసే లెక్కలో ఇది కనపడదు.

మాటలెందుకని, ఫ్రెండు లాప్‌టాప్ తెచ్చి టాలీప్రైమ్ ఎడ్యుకేషన్ మోడ్ పెట్టా. అది ఫ్రీ, నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు తీసుకుంటుంది, ప్రాక్టీసుకి చాలు. 200 బస్తాల సిమెంటు, బస్తా పన్ను కాకుండా 300 చొప్పున 60,000 బిల్లు చేయమన్నా. సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. ఆ రేటు నేనే చెప్పా. నందిగామ పార్టీకి బిల్లు గంటలోపే చేసింది. సీజీఎస్టీ 5,400, ఎస్‌జీఎస్టీ 5,400, మొత్తం 70,800.

తర్వాత అదే సరుకు కోదాడ పార్టీకి పంపాలన్నా. మళ్లీ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసింది. తప్పు. కోదాడ తెలంగాణ, అక్కడ ఐజీఎస్టీ 10,800 ఒకటే పడాలి. మొత్తం డబ్బు ఒకటే కాబట్టి బిల్లు చూస్తే తప్పు కనపడదు. షాపులో నిజంగా ఇలా జరిగితే సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పుగా కట్టింది రిఫండ్ అడుక్కోవాలి. పట్టుకోవడానికి ఒక తేలిక గుర్తుంది. కొన్న పార్టీ జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూడాలి. 37 అయితే మన ఆంధ్ర, 36 అయితే తెలంగాణ.

చెప్పగానే వదిన నవ్వింది. "2014లో కూడా ఇదే గోల. జూన్ 2 ముందు కోదాడ బిల్లుకి మన వ్యాటే. రాష్ట్రం విడిపోయాక అదే పార్టీకి సీఎస్టీ బిల్లు, సీ ఫారం. నెలంతా పార్టీ లెడ్జర్లు మార్చుకుంటా కూర్చున్నా" అంది. చట్టం ఒక్కరోజులో మారితే షాపు పుస్తకాల్ని ఎలా సర్దాలో ఆమె చేతులారా చేసింది. అది ఏ గడిలో రాయాలి?

నాలుగు రోజుల్లో, పూటకి రెండు గంటల చొప్పున, బిల్లులు, 50,000 దాటితే ఈ-వే బిల్లు వరకూ వచ్చేసింది. రానిది ఒకటుంది. కొనుగోళ్ల మీద కట్టిన పన్ను మనకి వెనక్కి జమ కావాలంటే అది జీఎస్‌టీఆర్-2బీలో కనపడాలి. దాన్ని మన పుస్తకంతో సరిచూడటం ఆమె కాలంలో లేదు. అది ఇంకా నేర్చుకోవాలి. అక్కడ ఆమెకి మార్కులు తగ్గిస్తే నేను ఒప్పుకుంటా.

రెండో వైపు కూడా చెప్తా. ఇప్పుడు టాలీ జాబ్ చేస్తున్న నా క్లాస్‌మేట్ ఒకడున్నాడు. "చివరిసారి వాడింది" గడిలో ఈ ఏడాదే ఉంటుంది. కానీ వాడు రోజూ చేసేది అమ్మకం బిల్లులు కొట్టడం ఒక్కటే. బ్యాంకు సరిచూడమంటే చేతులెత్తేశాడు. కొత్త తేదీ ఉంటే అన్నీ వచ్చని కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు తేదీ చూసి పక్కన పెట్టేబదులు అరగంట కూర్చోబెట్టాలి. ఒక లోకల్ బిల్లు, ఒక కోదాడ బిల్లు, ఒక బ్యాంకు స్టేట్‌మెంటు. ఎవరికి ఏది వచ్చో అక్కడే తేలుతుంది. తేదీ బరువు పన్ను భాగానికి ఎక్కువ పెట్టండి, మెనూలకి తక్కువ, లెక్కలకి దాదాపు ఏమీ వద్దు.

మనవాళ్లకి ఒక మాట. మన తండాల్లో మధ్యలో పని ఆగిపోయేది ఎక్కువగా ఆడవాళ్లకే, కాబట్టి ఈ గడి ఎక్కువ తగిలేదీ వాళ్లకే. అయినా తేదీ అబద్ధం రాయొద్దు, మొదటి కోదాడ బిల్లుకే దొరికిపోతారు. టాలీ ఈఆర్‌పీ 9 ఒక వరస, 2013-2017, వ్యాట్ అని. టాలీప్రైమ్ ఇంకో వరస, 2025, సొంత ప్రాక్టీసు, జీఎస్టీ బిల్లులు అని. రెండూ నిజమే. వదిన ప్రొఫైల్ అలాగే పెట్టాం. ఇప్పటికి రెండు చోట్ల అప్లై చేసింది, ఇంకా ఫోన్ రాలేదు. 2బీ బాగా తెలిసినవాళ్లు గ్రూపులో ఎవరైనా ఉంటే చెప్పండి. సంక్రాంతి సెలవుల్లో ఒక పూట మా వదినతో కూర్చుంటే చాలు.