ఆయిల్ మెత్తన, పౌడర్ కరుకు అనే మాట తప్పు

జుట్టు రంగు తేల్చే పనిలో ఉన్నవాళ్ల దగ్గర ఒక వరస స్థిరపడిపోయింది. ఆయిల్ లైటెనర్ అన్నిటికంటే మృదువు, క్రీమ్ దాని తర్వాత, పౌడర్ బ్లీచ్ అయితే జుట్టును కాల్చేస్తుంది. పని నేర్పేవాళ్లు చాలామంది ఇదే వరసలో చెబుతారు. పార్లర్‌కి వచ్చినవాళ్లు కూడా "పౌడర్ వద్దమ్మా, ఆయిలే పెట్టండి" అంటారు. తలకు నూనె రాసుకుంటూ పెరిగిన మనకు ఈ మాట ఇట్టే నచ్చుతుంది. కానీ మన నల్లటి, దట్టమైన జుట్టు మీద ఈ వరసను నమ్ముకుని పని చేస్తే పాయలు చేతికి ఊడి వస్తాయి. అందుకే దీన్ని గట్టిగా ఖండిస్తున్నాను.

ముందు గిన్నెలో ఏం జరుగుతుందో చూడాలి. మూడింటిలోనూ పని చేసేది హైడ్రోజన్ పెరాక్సైడే. డెవలపర్ సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అందులో అది 6 శాతం, 30 అంటే 9 శాతం, 40 అంటే 12 శాతం. దానికి క్షారం తోడై వెంట్రుక పైపొరను ఉబ్బించి లోపలికి దారి ఇస్తుంది. లోపల పెరాక్సైడ్ మెలనిన్‌ను విరగ్గొడుతుంది, ఆ పనిలోనే వెంట్రుకకు బలాన్నిచ్చే సిస్టీన్ బంధాలను కూడా కొన్నిటిని తెంపుతుంది. రంగు తేలడం, బలం తగ్గడం ఒకే చర్యకు రెండు ముఖాలు. పౌడర్‌లో అదనంగా ఉండేవి పర్సల్ఫేట్ లవణాలు. రంగు వేగంగా, ఎక్కువగా తేలేది వాటివల్లే.

ఆయిల్ లైటెనర్ ఒంటరిగా అంత దూరం పోలేదు. అందుకే దానితో పాటు చిన్న యాక్టివేటర్ ప్యాకెట్లు ఇస్తారు, అవసరాన్ని బట్టి ఒకటి నుంచి మూడు వరకు కలుపుతారు. ఆ ప్యాకెట్లలో ఉండేది ప్రధానంగా పర్సల్ఫేటే. అంటే మృదువైనదని ఆయిల్‌ను ఎంచుకుని, రంగు తేలడం లేదని మూడు ప్యాకెట్లు కలిపితే, ఏ పదార్థానికి భయపడి పౌడర్‌ను వద్దన్నారో అదే గిన్నెలోకి వచ్చింది. ప్యాకెట్లు కలపని ఆయిల్ మృదువైనదే, నేను కాదనను. అయితే ఆ మృదుత్వం తక్కువ పని చేయడం వల్ల వచ్చినది.

ఒక కేసు తీసుకుందాం. ఎప్పుడూ రంగు వేయని నల్లటి జుట్టు, ముందువైపు తేనెరంగు పాయలు కావాలి. నలుపును 1గా, అతి లేత పసుపును 10గా లెక్కపెట్టే కొలతలో మన జుట్టు సాధారణంగా 2 దగ్గర ఉంటుంది, తేనెరంగు 7 దగ్గర. మధ్యలో ఐదు మెట్లు. ప్యాకెట్లు లేని ఆయిల్ రెండు మూడు మెట్లు ఎక్కి ఎర్రటి గోధుమ దగ్గర ఆగిపోతుంది. ఆ ఎరుపు మీద తేనెరంగు టోనర్ వేస్తే ఏమీ కనిపించదు. అప్పుడు మొదలవుతాయి తప్పులు: 40 వాల్యూమ్ తీయడం, వేడి పెట్టడం, కడిగి అదే పాయ మీద రెండోసారి, మూడోసారి వేయడం. ప్రతిసారీ పైపొర మళ్లీ ఉబ్బుతుంది, అప్పటికే బలహీనపడిన వెంట్రుక మరికొంత తెగుతుంది.

అదే పాయకు పౌడర్ ఒక వంతు, 20 వాల్యూమ్ డెవలపర్ రెండు వంతులు, అంటే 30 గ్రాములకు 60, పెరుగు చిక్కదనంలో కలపండి. లోహపు గిన్నె వద్దు. పలచటి పాయ తీసి, మాడుకు తగలకుండా కొంచెం ఎడం వదిలి, ఫాయిల్‌లో మడవండి. పది నిమిషాలకోసారి ఒక ఫాయిల్ విప్పి, రెండు మూడు వెంట్రుకల మీద మందు తడిబట్టతో తుడిచి, తెల్లటి టవల్ మీద పెట్టి చూడండి. మందు కింద చూస్తే ఉన్నదానికంటే లేతగా కనబడుతుంది కాబట్టి తుడవడం తప్పనిసరి. గోధుమ, ఎరుపు, నారింజ దాటి బంగారు నారింజ దగ్గరికి రాగానే కడిగేయాలి. వెంట్రుక మందాన్ని బట్టి, గది వేడిని బట్టి ఎంతసేపన్నది మారుతుంది, కానీ చాలావరకు ఒక్కసారితోనే సరిపోతుంది. తక్కువ గాఢత డెవలపర్, ఒకే పూత, కంటికి కనబడే ఆగే చోటు. ఈ పనికి నా లెక్కలో ఇదే మృదువైన పద్ధతి.

నిలకడ విషయంలో అయితే ఆయిల్ మరీ వెనకబడుతుంది. అది పలచగా ఉంటుంది, పారుతుంది. ఇదివరకే రంగు తేల్చిన జుట్టుకు అంగుళం మేర నల్లటి కుదుళ్లు పెరిగాయనుకోండి. కుదుళ్లకు వేసిన ఆయిల్ మాడు వేడికి ఇంకా పలచబడి, తేలిపోయి ఉన్న పాత జుట్టు మీదికి జారుతుంది. అక్కడ మందు రెండోసారి పడినట్టే. కొన్ని వారాల తర్వాత తల చుట్టూ ఒకే ఎత్తులో పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేస్తే, అది కొత్తగా మొలిచిన జుట్టు కాదు, ఆ అతుకు దగ్గర తెగిపోయినది. చివర చూపుడు వేలితో తడిమితే తెలుస్తుంది: కొత్త వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, తెగినది మొద్దుగా ఉంటుంది.

కుదుళ్ల పనికి క్రీమ్ సరైనది. చిక్కగా పెట్టినచోటే నిలుస్తుంది, త్వరగా ఆరిపోదు, మాడు మీద వాడేందుకు తయారైనదైతే 20 వాల్యూమ్ దాటకుండా వేయవచ్చు. మాడుకు ఆనుకున్న అర అంగుళం ఒంటి వేడికి తొందరగా తేలుతుంది కనుక అక్కడ చివరగా పూయాలి. క్రీమ్ మీద నా ఫిర్యాదు ఒక్కటే. అందులోని కండిషనర్ల వల్ల కడిగాక జుట్టు నున్నగా తగులుతుంది, దెబ్బ దాగిపోతుంది. చేతి స్పర్శను నమ్మకండి. తడి వెంట్రుక ఒకటి తీసి మెల్లగా లాగండి. కొంచెం సాగి తిరిగి వస్తే బాగున్నట్టు. జిగురులా సాగి అలాగే ఉండిపోతే, లేదా సాగకుండానే పుటుక్కున తెగితే, ఆ రోజు ఇక ఏ మందూ వేయకూడదు.

పౌడర్‌కు తనవైన దోషాలు ఉన్నాయి, వాటిని దాచే పని నాకు లేదు. దాని ధూళి పీల్చకూడదు. పర్సల్ఫేట్లవల్ల ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఉబ్బసం, చేతుల మీద దద్దుర్లు రావడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. కిటికీ తెరిచి, గ్లౌజులు తొడుక్కుని, పొడి ఎగరకుండా కలపాలి. ఫాయిల్‌లో ఎక్కువ నింపితే ఉబ్బి అంచు దాటి కుదురు దగ్గర మచ్చ వేస్తుంది. ఆరిపోతే పని ఆగిపోతుంది. మాడు మీద వాడవచ్చని తయారీదారు చెప్పని పౌడర్‌ను మాడుకు తగలనివ్వకూడదు. ఇవన్నీ వాడేవాళ్ల చేతిలో ఉన్న జాగ్రత్తలు.

ఆయిల్‌కూ చోటుంది. నల్లటి జుట్టును ఒకటి రెండు మెట్లు మాత్రమే తేల్చి ఎండలో గోధుమ మెరుపు కనబడితే చాలు అనుకునేవారికి, సన్నటి జుట్టు ఉన్నవారికి, ఇదివరకు రంగు వేయని తల మొత్తానికి అది చక్కగా పనికొస్తుంది. తేనెరంగు, బూడిదరంగు అడిగినవాళ్లకు మాత్రం ఆయిల్ పెట్టనివ్వకండి. ఎన్ని మెట్లు ఎక్కాలి, డెవలపర్ ఎంత గాఢత, మాడుకు తగులుతుందా లేదా, యాక్టివేటర్లు ఎన్ని కలుపుతున్నారు అని కుర్చీలో కూర్చోకముందే అడగండి. వీటికి జవాబు రాని చోట ఏ డబ్బా తీసినా ఒకటే ప్రమాదం.