ఆదాయం 8, అవమానం 3: ఈ లెక్క ఎవరిది?

ప్రతి ఉగాదికీ టీవీల్లో, గుళ్లలో, ప్రభుత్వం ఖర్చుతో జరిగే వేడుకల్లో పన్నెండు రాశుల జమాఖర్చులు చదువుతారు. మనవాళ్లూ చెవులు రిక్కించి వింటారు. నమ్మకం గురించి వాదించే ముందు అసలు ఆ అంకెలు ఎలా పుడతాయో చూద్దాం. కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు.

అష్టోత్తరీ దశలో ఒక్కో గ్రహానికి కొన్ని సంవత్సరాలు కేటాయించారు. రవికి 6, చంద్రుడికి 15, కుజుడికి 8, బుధుడికి 17, శనికి 10, గురుడికి 19, శుక్రుడికి 21. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి ఆ ఏడాదికి రాజు. రాజు అంకెకు మీ రాశ్యధిపతి అంకె కలపాలి. దాన్ని 3తో గుణించి, 5 కలిపి, 15తో భాగించాలి. మిగిలిన శేషమే మీ ఆదాయం. వచ్చిన భాగఫలాన్ని మళ్లీ 3తో గుణించి, 5 కలిపి, 15తో భాగిస్తే మిగిలేది వ్యయం.

క్రోధి నామ సంవత్సరం తీసుకోండి. 2024 ఏప్రిల్ 9, మంగళవారం. రాజు కుజుడు, 8. మేషానికి అధిపతీ కుజుడే, ఇంకో 8. మొత్తం 16. మూడింతలు 48, ఐదు కలిపితే 53. పదిహేనుతో భాగిస్తే భాగఫలం 3, శేషం 8. ఆదాయం 8. ఇప్పుడు భాగఫలం 3ని మూడింతలు చేసి ఐదు కలిపితే 14. వ్యయం 14. ఆ ఏడాది పంచాంగం తీసి చూడండి, మేషానికి అవే అంకెలు. 2025లో ఉగాది ఆదివారం వచ్చింది, రాజు రవి, 6. అదే లెక్క వేస్తే మేషానికి ఆదాయం 2, వ్యయం 14.

ఇందులో ఆకాశం ఎక్కడుంది? తిథి గుణించాలంటే సూర్యచంద్రుల మధ్య దూరం తెలియాలి. అది నిజమైన గణితం, దాన్ని నేను తప్పుపట్టను. ఆదాయ వ్యయాలకు మాత్రం ఉగాది ఏ వారమో తెలిస్తే చాలు. ఉన్నవి ఏడు వారాలే కాబట్టి పట్టికలూ ఏడే. మూడింతలకు ఐదు కలిపి పదిహేనుతో భాగిస్తే 2, 5, 8, 11, 14 తప్ప ఇంకో శేషం రాదు. అందుకే మీరు ఏనాడూ ఆదాయం 7 అని విని ఉండరు. మేషానికీ వృశ్చికానికీ అధిపతి ఒక్కడే గనుక వాళ్ల జమాఖర్చులు ఏ ఏడాదైనా ఒక్కటే. మకర, కుంభాల సంగతీ అంతే. ఇంతకీ ఎనిమిది ఏమిటి? రూపాయలా, బస్తాలా? ఏ పంచాంగమూ చెప్పదు.

ఇక రాజపూజ్యం. క్రోధిలో మేషం నుంచి వరుసగా 4, 7, 3, 6, 2, 5, 1, 4, 7, 3, 6, 2. మూడు కలుపుకుంటూ పోవడం, ఏడు దాటితే ఏడు తీసేయడం. మరుసటి ఏడాది 5తో మొదలుపెట్టి మళ్లీ అదే నడక. మీ గౌరవం వరుసలో మీరు ఎన్నో స్థానంలో ఉన్నారన్న దాన్నిబట్టే. తెలుగులో పూజ్యం అంటే సున్నా అనే అర్థం కూడా ఉంది. ఇక్కడ అదే సరిపోతుంది.

నా అసలు తగాదా నాలుగో గడితో. క్రోధిలో మేషానికి అవమానం 3. పొలం యజమానిదీ మేషమే, ఆ పొలంలో కలుపు తీసే మా పెద్దమ్మదీ మేషమే అనుకోండి. ఇద్దరికీ మూడేనట! మన అమ్మమ్మల పుట్టిన తేదీనే ఎవరూ రాసిపెట్టలేదు, ఇక నక్షత్రం ఎక్కడిది? పేరులో మొదటి అక్షరం పట్టుకుని రాశి అంటగట్టారు. చూ, చే, చో, లా అయితే అశ్విని, మేషం. ఆ పేరు కూడా చాలాసార్లు పిలిచేవాడి నోటికొచ్చినట్టు మారిందే.

వాడలో అవమానం గ్రహం నుంచి రాదు. దానికి ఒక నోరు ఉంటుంది, ఒక ఇంటిపేరు ఉంటుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ విషయం గుర్తించింది. నలుగురు చూస్తుండగా కావాలని అవమానిస్తే అది నేరం, చేసినవాడు ముద్దాయి. పంచాంగంలో మాత్రం అవమానం ఉంటుంది, అవమానించినవాడు ఉండడు. వ్యయం 14 ఉంటుంది, కూలి ఎగ్గొట్టినవాడు ఉండడు. దోషిని వాక్యంలోంచి తీసేసే ఈ వ్యాకరణమే నన్ను భయపెడుతుంది. అప్పు తీరనప్పుడు మనిషి వడ్డీ రేటు అడగడం మానేసి, ఈ ఏడు నా రాశి బాగాలేదు అనుకుంటే ఎవరికి లాభం?

సరదాకే కదా అంటారు మిత్రులు. సరదా అయితే సర్కారు వేదిక మీద ఎందుకు? అందరి పన్నులతో జరిగే సభలో ఏడు పట్టికల్లో ఒకదాన్ని తీసి మన భవిష్యత్తని చదువుతున్నారు. విద్యార్థులారా, ఈసారి ఉగాది ఏ వారమో చూసుకోండి. పంతులుగారు పుస్తకం తెరవకముందే పన్నెండు రాశుల ఆదాయ వ్యయాలు కాగితం మీద వేసి హాస్టల్ గోడకు అంటించండి. పక్కనే ఇంకో కాగితం పెట్టండి: మీ ఊళ్లో రోజు కూలి ఎంత, వడ్డీ ఎంత, ఈ ఏడాది ఎవరు ఎవరిని అవమానించారు, కేసు ఎంతవరకు వచ్చింది. ఆ రెండో కాగితాన్ని చదివే వేదిక కోసం కొట్లాడదాం.

జై భీమ్.