చీటీ దొరికాక

పోయినేడు ఒక సాయంత్రం తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో జంపనిలో దిగిన కుర్రాడొకడు ఇంటికైనా పోకుండా మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్ష రాస్తుండగా కాలిక్యులేటర్ కవరులోంచి అరచేతిలో ఇమిడేంత చీటీ బయటపడింది. నేను పాఠాలు చెప్పే రోజుల్లో మాల్‌ప్రాక్టీస్ కమిటీల్లో కూర్చున్నానని వాళ్ల నాన్నకు తెలుసు.

"డిబార్ చేస్తారంట మాస్టారూ."

"చీటీ చూసి రాశావా?"

"లేదండీ. పెట్టుకున్న మాట నిజమే."

వాడికి తెలియనిదేమిటంటే, విచారణ అంతా ఈ రెండు ముక్కల మధ్యే నడుస్తుంది. జె.ఎన్‌.టి.యు. కాలేజీల నిబంధనల్లో చీటీ దగ్గరుంచుకుని వాడకపోవడం ఒక తప్పు, దాన్ని చూసి రాయడం మరో తప్పు. మొదటిదానికి హాల్లోంచి పంపేసి ఆ ఒక్క సబ్జెక్టు రద్దు చేస్తారు. రెండోదానికి అప్పటిదాకా రాసిన పేపర్లు, ప్రాక్టికల్స్‌తో సహా పోతాయి, మిగిలిన పరీక్షలూ రాయనివ్వరు. అంటే సెమిస్టరే పోయినట్టు. రెండు సెమిస్టర్ల డిబార్ అనేది ఒకరి పరీక్ష ఇంకొకరు రాయడం, జవాబు పత్రం బయటికి దాటించడం లాంటి వాటికి. చీటీ దొరికిన ప్రతివాడికీ డిబార్ అని హాస్టల్లో చెప్పుకునేది ఉత్తమాట.

సాధారణంగా జరిగేది ఇది. పట్టుకున్న ఇన్విజిలేటర్ రిపోర్టు రాస్తాడు. విద్యార్థి చేత వాంగ్మూలం రాయించుకుంటారు. చీటీ, జవాబు పత్రం, ఈ కాగితాలు అన్నీ కలిపి కవరులో పెట్టి పైకి పంపుతారు. ఆ తర్వాత కొన్నాళ్లకు కమిటీ పిలుస్తుంది. లోపల బల్లకు అటువైపు ముగ్గురో నలుగురో, వాళ్లలో ఒకరు ఆ సబ్జెక్టు తెలిసినాయన. చీటీ చూపించి నీదేనా అంటారు. చేతిరాత పోల్చి చూస్తారు. చీటీలో ఉన్నది జవాబు పత్రంలో ఎక్కడైనా దిగిందా అని ఆయన వెతుకుతాడు. రోజుకు పదుల కేసులుంటాయి కనక ఒక్కొక్కరికి దక్కేది పది నిమిషాలు, అంతకన్నా తక్కువే. శిక్ష అక్కడికక్కడే చెప్పరు. కమిటీ సిఫారసు చేస్తుంది, ఉత్తర్వు తర్వాత వస్తుంది.

ఇలా పిలిచి అడగడం కమిటీ దయ కాదు. ఉత్తరప్రదేశ్‌లో ముగ్గురు ఇంటర్ విద్యార్థుల ఫలితాలను వాళ్ల మాట వినకుండా రద్దు చేస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. పరీక్షా కేంద్రం మొత్తం కాపీలు కొట్టిందని తేలిన చోట మాత్రం ఒక్కొక్కరినీ పిలవనక్కర్లేదని 1970లో బీహార్ కేసులో చెప్పింది.

మావాడి కేసులో అసలు చిక్కు వాంగ్మూలంలో ఉంది. చేతులు వణుకుతుంటే పక్కన నిలబడ్డాయన చెప్పింది చెప్పినట్టు "కాపీ కొడుతూ దొరికాను" అని రాసి సంతకం పెట్టేశాడు. చీటీ కన్నా ఆ వాక్యమే ప్రమాదం.

ఆ రాత్రే వాడి చేత ఒక్క పేజీ రాయించాను. ఎన్నింటికి లోపలికి వెళ్లాడు, ఎన్నింటికి చీటీ దొరికింది, అప్పటికి ఏ ప్రశ్నలు రాశాడు. వారం పోతే ఇవేవీ సరిగ్గా గుర్తుండవు. తర్వాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకున్నాం. చీటీలో ఉన్నవి మూడో యూనిట్ ఫార్ములాలు. ఆ యూనిట్‌లో రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు. వాడు రాసినదానికి ఆ ఫార్ములాలు పనికిరావు. చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏం కావాలి?

మర్నాడు వాళ్లమ్మ కమిటీ మెంబరులా కూర్చుని అడిగితే వాడు నాలుగుసార్లు జవాబు చెప్పాడు. మొదటిసారి ఏడ్చాడు. నాలుగోసారికి "పెట్టుకోవడం నా తప్పేనండీ, చూసి రాయలేదు, జవాబు పత్రంలో మూడో యూనిట్ చూడండి" అని మూడు ముక్కల్లో చెప్పగలిగాడు. గుర్తులేనిదానికి గుర్తులేదనే అనమన్నాను. వాళ్ల నాన్న ఎమ్మెల్యే ఉత్తరం తెస్తానన్నాడు, వద్దన్నాను. అలాంటి ఉత్తరం చూడగానే ఇంకేదో దాస్తున్నారన్న అనుమానం నాకే వచ్చేది.

కమిటీ పిలిచిన రోజు లోపల వాంగ్మూలం చూపించి "ఇది నువ్వు రాసిందేగా?" అన్నారట. "రాసింది నేనేనండీ, కంగారులో చెప్పినట్టు రాశాను" అని, తన పేజీ ఇచ్చి, జవాబు పత్రం తిప్పి చూడమని అడిగాడు. సబ్జెక్టాయన తిప్పి చూశాడు. చీటీ నిజంగానే చూసి రాసి ఉంటే ఆ పేజీ దగ్గరే వీడి పని అయిపోయేది. అలాంటివాడికి నేను చెప్పే సలహా కూడా వేరే ఉండదు, ఒప్పుకోవడమే.

ఉత్తర్వులో ఒక్క సబ్జెక్టు పోయింది. ఆ పేపరు సప్లిమెంటరీలో రాశాడు. ఈసారి కాలిక్యులేటర్‌కి కవరు లేదు.